పిల్లకు సైకిలు కొనే ముందు కాలి కొలత



ఆత్మకూరు బజారులో సైకిళ్ళ కొట్టు ముందు కాసేపు నిలబడండి. ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో మీ చెవిన పడుతుంది. "పాపకు ఎన్నేళ్ళన్నా?" అని కొట్టతను అడుగుతాడు. "అయిదు నిండినాయి" అంటాడు తండ్రి. "అయితే పదహారు సరిపోతాది" అని కొట్టతను ఒకటి బయటికి లాగుతాడు. తాత ఒప్పుకోడు. "పదహారేందిరా అబ్బయా, ఏడాది తిరిగేసరికి పొట్టిదైపోతాది. పెరిగే పిల్ల గదా, ఇరవై తీసుకో. ఒకే ఖర్చుతో పోతాది." పాప మాత్రం గులాబీ రంగు బుట్ట ఉన్న సైకిలు దగ్గర నుంచి కదలదు.

వయసు, బేరం, రంగు అన్నీ మాట్లాడుకున్నారు. ఆ పాప కాళ్ళు నేల నుంచి గజ్జల దాకా ఎంత పొడవున్నాయో మాత్రం ఎవరూ అడగలేదు. మొదటి సైకిలును తేల్చేది ఆ కొలతే. తర్వాత తేల్చుకోవలసింది, పిల్ల ఆ సైకిలును ఏ దారిలో తొక్కబోతుందనేది. ఈ రెండూ ఇంట్లోనే తేల్చుకుని కొట్టుకు వెళితే మిగిలిన బేరం తేలిక.

వయసును ఎందుకు నమ్మకూడదో ముందు చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల ఎదుగుదలకు వేసిన లెక్కల ప్రకారం అయిదేళ్ళు నిండిన ఆడపిల్ల నడిమి ఎత్తు 109 సెంటీమీటర్లు. కానీ 100 సెంటీమీటర్లున్న పిల్లా ఆరోగ్యవంతురాలే, 118 ఉన్న పిల్లా ఆరోగ్యవంతురాలే. ఒకే రోజు పుట్టి ఒకే అంగన్‌వాడీలో కూర్చున్న ఇద్దరి మధ్య ఒక జానెడు తేడా ఉండవచ్చు. ఇద్దరికీ అయిదేళ్ళే కాబట్టి ఇద్దరికీ పదహారే అంటే, ఒకరికి సీటు మీద కూర్చుంటే కాలు నేలకు అందదు, ఇంకొకరికి చక్కగా ఆనుతుంది.

పదహారు, ఇరవై అనే అంకెలు కూడా మనం అనుకున్నంత చెప్పవు. అవి టైరు వ్యాసం అంగుళాల్లో, అంతే. సీటు ఎంత ఎత్తులో ఉంటుందో ఆ అంకె చెప్పదు. ఒక కంపెనీ పదహారుకు, ఇంకో కంపెనీ పదహారుకు సీటు ఎత్తులో నాలుగైదు సెంటీమీటర్ల తేడా ఉంటుంది. పిల్లకు కాలు ఆనడానికీ ఆనకపోవడానికీ ఆ నాలుగు సెంటీమీటర్లు చాలు.

కొలత ఎలా తీయాలి? పిల్లను చెప్పులు విప్పించి గోడకు వీపు ఆనించి నిలబెట్టండి. మడమలు గోడకు తగలాలి, రెండు పాదాల మధ్య జానెడు కన్నా తక్కువ ఎడం ఉండాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి తీసుకుని, దాని వెన్ను పైకి వచ్చేట్టు కాళ్ళ మధ్య పెట్టి, సైకిలు సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తుకుంటుందో అంత ఒత్తిడితో పైకి జరపండి. పుస్తకం వెన్ను గోడకు తగిలిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత దాకా టేపుతో కొలిస్తే అదే కాలి కొలత. పిల్లలు ఒకసారి మునివేళ్ళ మీద లేస్తారు, ఒకసారి మోకాళ్ళు వంచుతారు. అందుకని రెండు మూడు సార్లు తీసి, ఎక్కువ సార్లు వచ్చిన అంకెను చీటీ మీద రాసుకోండి. ఆ చీటీ, టేపు జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్ళండి.

ఇప్పుడు సోమశిల దగ్గరి ఒక పల్లెలోని ఇంటిని ఊహించుకుందాం. పాపకు అయిదేళ్ళు నిండినాయి. ఎత్తు 104 సెంటీమీటర్లు, బరువు 16 కిలోలు. కాలి కొలత 45 సెంటీమీటర్లు వచ్చింది. తండ్రి కొట్లో మూడు సైకిళ్ళు చూశాడు. ఒక్కోదాని సీటు పూర్తిగా కిందికి దించమన్నాడు. నేల నుంచి సీటు పైభాగం దాకా కొలిచాడు. పద్నాలుగుది 44, పదహారుది 52, ఇరవైది 62 సెంటీమీటర్లు వచ్చింది.

తొక్కడం రాని పిల్లకు పాటించాల్సిన లెక్క ఒకటే. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా, మడమలతో సహా, నేల మీద ఆనాలి. అంటే సీటు ఎత్తు కాలి కొలతకు సమానంగానో, ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువగానో ఉండాలి. ఈ పాపకు అలా సరిపోయేది పద్నాలుగు ఒక్కటే. పదహారు సైకిలు మీద కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే అందుతాయి. ఒరిగిపోతున్నానని తెలిసిన క్షణంలో పిల్లలు చేసే పని కాలు కింద పెట్టడం. అది అందకపోతే బ్రేకు పట్టడం మరిచిపోతారు, తలకాయ ముందుకు పడుతుంది. రెండోసారి సైకిలు ఎక్కమంటే ఏడుస్తారు.

ఇక తాత మాట. తాతది అనుభవం ఉన్న మాటే, ఖర్చు గురించిన బాధ ఉన్న మాట. అందుకే దాన్ని లెక్కలోనే తేల్చుకుందాం. ఈ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు ఆరు సెంటీమీటర్లు ఎదుగుతారు, అందులో కాళ్ళ వాటా మూడు సెంటీమీటర్ల పైచిలుకు. తొక్కడం వచ్చిన తర్వాత సీటును కాలి కొలత కన్నా అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు పైకి ఎత్తవచ్చు. అప్పుడు పాదం ముందు భాగం మాత్రం నేలకు ఆనుతుంది, మోకాలికి తొక్కే పొడవు దొరుకుతుంది. ఆ లెక్కన ఇరవై సైకిలు సీటు 62 దగ్గర ఉన్నప్పుడు దాన్ని అదుపుగా తొక్కాలంటే, తొక్కడం బాగా వచ్చిన పిల్లకు కూడా కాలి కొలత కనీసం 54 ఉండాలి. మన పాప 45 నుంచి అక్కడికి చేరడానికి మూడేళ్ళకు కాస్త అటూ ఇటూ. అప్పటిదాకా ఆ సైకిలు వసారాలో దుమ్ము పట్టి ఉంటుంది, లేదా ఎవరూ లేనప్పుడు పిల్ల దాన్ని ఎక్కడానికి చూస్తుంది. రెండోదే నాకు భయం.

పద్నాలుగు సైకిలు ఎన్నాళ్ళు వస్తుంది? దాని సీటు గొట్టాన్ని పైకి లాగితే 55 దాకా వస్తుందనుకోండి. గొట్టం మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత బయటికి కనబడకూడదు. అది దాటితే గొట్టం లోపల పట్టు చాలక విరగవచ్చు. 55 దగ్గర సీటు పెట్టుకుని తొక్కే పిల్ల కాలి కొలత 49 అవుతుంది. అంటే సుమారు ఏడాదిన్నర. ఆ తర్వాత పదహారు కొనక్కర్లేదు, ఇంకొన్ని నెలలు అదే లాగించి, సీటు తక్కువగా దిగే ఇరవై చూసుకోవచ్చు. తాత అడిగిన ఒకే ఖర్చు కుదరలేదుగానీ, మూడు కొనాల్సిన చోట రెండుతో పోయింది.

పొడవైన పిల్లకు ఈ లెక్క వేరుగా వస్తుంది. అదే అయిదేళ్ళకు కాలి కొలత 50 దాటిన పిల్లవాడికి సీటు బాగా దిగే పదహారు చక్కగా సరిపోతుంది, వాడికి పద్నాలుగు కొంటే డబ్బు దండగ. స్థూలంగా చెప్పాలంటే కాలి కొలత 40 లోపు ఉన్నవాళ్ళకు పన్నెండు, 55 దాటినవాళ్ళకు ఇరవై. మధ్యలో ఉన్నవాళ్ళకు పద్నాలుగా పదహారా అన్నది మీ చేతిలోని టేపు తేలుస్తుంది.

సీటు తర్వాత చూడవలసింది బరువు. పిల్లల సైకిళ్ళలో ఎక్కువ భాగం ఇనప ఫ్రేమువి. వెనక క్యారియరు, ముందు బుట్ట, పక్క చక్రాలు, మడ్‌గార్డులు కలిసి తొమ్మిది పది కిలోలు తేలికగా దాటుతాయి. 16 కిలోల పిల్లకు పది కిలోల సైకిలు అంటే, 60 కిలోల మనిషి 37 కిలోల బండి తొక్కినట్టు. పిల్ల బరువులో 40 శాతానికి మించకుండా చూసుకుంటే మంచిది. అంత తేలిక సైకిలు మన బజార్లలో దొరకడం కష్టమే, ఒప్పుకుంటాను. దొరకనప్పుడు క్యారియరు, బుట్ట, పక్క చక్రాలు ఊడదీయించండి, కిలోన్నర దాకా తగ్గుతుంది. కొట్లో పిల్లనే ఆ సైకిలును పడుకోబెట్టి లేపమనండి. తనంతట తాను లేపలేకపోతే అది తన సైకిలు కాదు.

పక్క చక్రాల గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు వాటిని భద్రత అనుకుంటారు. సైకిలు మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపుకు ఒరగాలి. పక్క చక్రాలు ఆ ఒరుగుడును ఆపేస్తాయి. అందువల్ల పిల్ల నేర్చుకునేది మలుపులో బయటి వైపుకు ఒరగడం. ఊడదీసిన రోజు అదంతా మరిచి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. దానికన్నా పెద్ద చిక్కు మన పల్లెల సిమెంటు రోడ్లతో వస్తుంది. రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటాయి, నడుమ గుంటలుంటాయి. రెండు పక్క చక్రాలూ గుంటకు అటూ ఇటూ ఆనితే వెనక చక్రం గాలిలో తేలుతుంది. అప్పుడు ఎంత తొక్కినా కదలదు, వెనక బ్రేకు ఎంత పట్టినా ఆగదు. పల్లంలోకి దిగే దారిలో ఇది జరిగితే వెనక బ్రేకును నమ్ముకున్న పిల్లను ఆపేది ఏమీ లేదు.

దీనికి మంచి మందు పాతదే. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన చేసిన రెండు చక్రాల బండికి అసలు పెడల్స్ లేవు. మనిషి దాని మీద కూర్చుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయేవాడు. నిలదొక్కుకోవడం ముందు, తొక్కడం తర్వాత. పిల్లలకూ అదే వరస సరైనది. ఇప్పుడు పెడల్స్ లేని బ్యాలెన్స్ సైకిళ్ళు అమ్ముతున్నారు, రెండు రెండున్నర ఏళ్ళ పిల్లలకు అవి బాగుంటాయి. కానీ విడిగా కొననక్కర లేదు. కొన్న సైకిలు పెడల్స్‌నే ఊడదీయండి. 15 నంబరు స్పానరు కావాలి. కుడి పెడల్ మామూలు మరలాగే ఎడమకు తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, కుడి వైపుకు తిప్పాలి. ఇది తెలియక బలంగా ఎడమకు తిప్పి మర పాడు చేసుకునేవాళ్ళు చాలామంది. మీకు ఇబ్బందైతే పంక్చరు షాపతను రెండు నిమిషాల్లో ఊడదీస్తాడు.

పెడల్స్ లేని సైకిలు మీద పిల్లను కూర్చోబెట్టి నడవమనండి. మొదటి రోజుల్లో సీటు మీద కూర్చుని మామూలుగా నడుస్తుంది. తర్వాత అడుగులు పెద్దవవుతాయి. ఒకరోజు రెండు కాళ్ళూ ఎత్తి పదీ పదిహేను అడుగుల దూరం జారిపోతుంది. అలా జారుతూ మలుపు కూడా తిప్పగలిగిన నాడు పెడల్స్ బిగించండి. ఇది పట్టే కాలం పిల్లను బట్టి ఉంటుంది, తొందరపెట్టకండి. మన కాలంలో పెద్ద సైకిలు త్రిభుజంలోంచి కాలు దూర్చి తొక్కి మోకాళ్ళు చెక్కుకుని నేర్చుకున్నాం గదా అని కొందరు అంటారు. నేర్చుకున్నాం, నిజమే. ఆ కాలంలో ఊరి రోడ్డు మీద టిప్పర్లు లేవు.

బ్రేకు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పిల్లల సైకిళ్ళకు బ్రేకు లీవర్లు ఉంటాయి, కానీ చాలావాటిలో ఆ లీవరు చిన్న చేతికి అందదు. పిల్ల హ్యాండిల్ పిడిని పట్టుకున్నప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు లీవరు మీదికి సులువుగా రావాలి. రాకపోతే లీవరు దగ్గర చిన్న స్క్రూ ఉందేమో చూడండి, దాన్ని బిగిస్తే లీవరు పిడికి దగ్గరగా వస్తుంది. తర్వాత పరీక్ష. పిల్లను సీటు మీద కూర్చోబెట్టి, బ్రేకు పట్టుకోమని చెప్పి, మీరు వెనక నుంచి తోయండి. చక్రం తిరిగితే ఆ బ్రేకు ఆమె బలానికి చాలదు. కేబుల్ బిగించాలి, లేకపోతే వేరే సైకిలు చూడాలి. ఈ పరీక్ష కొట్లోనే చేయండి, డబ్బు ఇవ్వక ముందే.

రెండు గాయాల గురించి చెప్పకుండా వదలను. ఒకటి హ్యాండిల్ చివర. పిడి రబ్బరు చిరిగి లోపలి ఇనప గొట్టం బయటపడితే, పిల్ల పడినప్పుడు ఆ గొట్టం పొట్టలో గుచ్చుకుంటుంది. పైకి చిన్న గుండ్రటి మచ్చే కనబడుతుంది, లోపల కాలేయమో ప్లీహమో దెబ్బతిని ఉండవచ్చు. పడిన తర్వాత పిల్ల పొట్ట నొప్పి అన్నా, వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా మచ్చ చిన్నదే గదా అని ఇంట్లో ఉంచుకోకండి, ఆసుపత్రికి తీసుకుపోండి. పిడి రబ్బరుకు కొన్ని రూపాయలే, చిరిగిన రోజే మార్చండి. రెండోది క్యారియరు మీద కూర్చున్న చిన్న తమ్ముడి కాలు. వాడి పాదం ఆనడానికి చోటు ఉండదు, తిరిగే చక్రం చువ్వల్లో మడమ పడుతుంది. మడమ వెనక చర్మం లేచిపోయే ఈ గాయం మానడానికి వారాలు పడుతుంది. క్యారియరు ఊడదీయించమని ఇందాక బరువు కోసం చెప్పాను, ఇందుకోసం కూడా చెబుతున్నాను. ఆడపిల్లలకు పావడా, చున్నీ గొలుసులో పడే ప్రమాదం ఉంది గనుక గొలుసు పూర్తిగా మూసి ఉండే కవరు ఉన్నదే తీసుకోండి.

ఇంకా సైకిలు ఈడు రాని చిన్నవాళ్ళ సంగతి. ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకు కాళ్ళతో తన్నుకుంటూ పోయే నాలుగు చక్రాల బొమ్మబండి చాలు. అక్కడా అదే కొలత, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆని మోకాలు కాస్త వంగి ఉండాలి. చక్రాల మధ్య ఎడం వెడల్పుగా, సీటు పల్లంగా ఉన్నది బోల్తా పడదు. నడక నేర్చుకోవడానికి మన వడ్రంగులు చేసిచ్చే మూడు చక్రాల చెక్కబండి ఇప్పటికీ మంచి వస్తువే. పిల్ల దాన్ని పట్టుకుని తన కాళ్ళ మీద నిలబడుతుంది, చేయి వదిలితే అది ఆగుతుంది. చెక్క అంచులు నునుపుగా ఉన్నాయా, మేకులు బయటికి వచ్చాయా చూసుకుంటే సరి. దాన్ని, మధ్యలో సీటు ఉన్న గుండ్రటి వాకరును ఒకటనుకోకండి. నడక రాని పిల్లను ఆ వాకరులో కూర్చోబెడితే గుమ్మం దాటి మెట్ల మీద నుంచి పడిపోతుంది, పొయ్యి దగ్గరికి క్షణంలో చేరుతుంది. అలాంటి వాకర్ల అమ్మకాన్ని కెనడా 2004లోనే నిషేధించింది.

బొమ్మబండి కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. సీటు అత్యధిక ఎత్తు 43.5 సెంటీమీటర్లు మించని రెండు చక్రాల బుల్లి సైకిలు, పెడల్స్ ఉన్నా సరే, ప్రమాణాల లెక్కలో బొమ్మే. రోడ్డుకు తయారు చేసింది కాదు. బ్యాటరీ కార్లు కూడా అంతే.

ఈ చిన్న బండ్లకు మన ఊళ్ళలో ఉన్న పెద్ద ప్రమాదం ఇంటి ముందే ఉంటుంది. బొమ్మబండి మీద కూర్చున్న రెండేళ్ళ పిల్ల నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు కూడా ఉండదు. వెనక్కి వచ్చే ట్రాక్టరు డ్రైవరుకు ట్రాలీ వెనక ఉన్న ఆ పిల్ల ఏ అద్దంలోనూ కనబడదు. పాల ఆటోకూ అంతే. బండి తిప్పే ముందు ఒక మనిషి దిగి వెనక చూడాలి, లేదా పిల్లను ఎవరో ఒకరు ఎత్తుకుని ఉండాలి. వాకిలికి గేటు ఉంటే గొళ్ళెం పెట్టి ఆడనివ్వండి. లేకపోతే వాకిలి రోడ్డును కలిసే చోట మంచమో పీటో అడ్డం పెట్టండి.

ఇప్పుడు దారి. స్వీడన్‌లో స్టీనా శాండెల్స్ అనే మనస్తత్వవేత్త 1960లలో చిన్నపిల్లలు రోడ్ల మీద ఎలా ప్రవర్తిస్తారో ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఆమె తేల్చింది ఏమిటంటే, ఎంత నేర్పినా చిన్నపిల్లలు రద్దీ రోడ్డుకు సరిపడరు. శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో, వచ్చే బండి ఎంత వేగంగా వస్తుందో అంచనా వేసే శక్తి వాళ్ళకు ఇంకా రాదు. జర్మనీ చట్టం ఎనిమిదేళ్ళు నిండేదాకా పిల్లలు రోడ్డు మీద కాకుండా కాలిబాట మీద సైకిలు తొక్కాలంటుంది, పదేళ్ళు నిండేదాకా అక్కడ తొక్కడానికి అనుమతిస్తుంది. మన దగ్గర కాలిబాటలు లేవు. కాబట్టి ఆ నియమం పెట్టవలసింది ఇంట్లో వాళ్ళే.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు వైపు వెళ్ళే 67వ నంబరు జాతీయ రహదారి తెలుసు కదా. ఆ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు వస్తుంది. ఏడు మీటర్ల వెడల్పున్న రోడ్డును పిల్ల తడబడుతూ సైకిలు మీద దాటడానికి అయిదు సెకన్లు పడుతుంది. ఆ అయిదు సెకన్లలో లారీ 80 మీటర్ల పైగా దగ్గరికి వచ్చేస్తుంది. 80 మీటర్ల అవతల ఉన్న లారీని చూసి అది దూరంగానే ఉందని ఆరేళ్ళ పిల్ల అనుకుంటుంది. అందుకే పదేళ్ళ లోపు పిల్లలు పెద్ద రోడ్డును సైకిలు మీద దాటకూడదు. సైకిలు దిగి, దాన్ని నడిపించుకుంటూ, పెద్దవాళ్ళ చేయి పట్టుకుని దాటాలి.

మన ప్రాంతంలో కాలవ గట్టు ఒక పెద్ద ఆకర్షణ. బండ్ల రద్దీ ఉండదు, మట్టి గట్టిగా ఉంటుంది, చల్లగా గాలి వస్తుంది. సోమశిల కండలేరు వరద కాలువ గట్టైనా, ఊరి పంట కాలవ గట్టైనా, నేర్చుకునే పిల్లకు అది తగిన చోటు కాదు. నేర్చుకునే పిల్ల తను చూసే వైపుకే పోతుంది, నీళ్ళను చూస్తే నీళ్ళ వైపుకే హ్యాండిల్ తిరుగుతుంది. కాలవ లోపలి వాలు జారుడుగా ఉంటుంది, ఈత వచ్చిన పెద్దవాళ్ళే పట్టు దొరక్క ఇబ్బంది పడతారు. గుడి ముందరి మైదానం, సెలవు రోజున బడి ఆవరణ, కోతలైపోయిన కళ్ళం, ఇవి మంచి చోట్లు. కళ్ళంలో అయితే ముందు పల్లేరు కాయలు ఉన్నాయా చూడండి, ఒక్క కాయ చాలు ట్యూబు రెండు చోట్ల పంక్చరు అవడానికి. పంక్చరు బాధ లేదని గాలి లేని గట్టి టైర్ల సైకిలు కొంటారు కొందరు. తడిసిన సిమెంటు రోడ్డు మీద ఆ టైరు జారుతుంది, గాలి టైరే మేలు. వరి కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. ధాన్యం మీదికి ఎక్కిన చిన్న చక్రం గోలీల మీద ఎక్కినట్టు జారిపోతుంది. ఆ రోజుల్లో ఆ దారి వద్దని చెప్పండి.

హెల్మెట్ గురించి. సైకిలుకు మన చట్టం హెల్మెట్ అడగదు. మోటారు సైకిలు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలకు హెల్మెట్ ఉండాలని 2022లో కేంద్రం నియమం తెచ్చింది, అందులో ఆ పిల్లలకు సైకిలు హెల్మెట్ కూడా పనికొస్తుందని చెప్పింది. కాబట్టి నాలుగేళ్ళ లోపు పిల్లకు ఒక మంచి సైకిలు హెల్మెట్ కొంటే రెండు పనులకూ వస్తుంది. తల చుట్టుకొలత టేపుతో తీసుకోండి, కనుబొమ్మల పైన, వెనక గుండ్రటి ఎముక మీదుగా. హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ళ పైన ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే పట్టాలి. నుదురంతా బయటికి కనబడేట్టు వెనక్కి పెట్టుకుంటే పెట్టుకోనట్టే. నాయన మోటారు సైకిలు హెల్మెట్ పిల్లకు పెట్టకండి, దాని బరువుకు మెడ ఆగదు, తల తిప్పి వెనక చూడలేదు.

సంజె వేళ కూడా ఒక మాట. ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, పెడల్స్‌కు, చక్రాలకు రిఫ్లెక్టర్లు ఉన్నాయో లేదో కొనేటప్పుడే చూసుకోండి. చీకటి పడ్డాక మాత్రం అవి ఉన్నా పిల్లను రోడ్డు మీదికి పంపకండి. లైటు పడితేనే రిఫ్లెక్టరు మెరుస్తుంది, లైటు లేని బండ్లు మన పల్లెదారుల్లో ఎన్నో తిరుగుతాయి.

మన పాప సైకిలు ఏడాదిన్నరకు చిన్నదైపోయాక అది పక్కింటి పిల్లకో, చిన్నాన్న కొడుక్కో చేరుతుంది. చేరాలి కూడా, ఇనప ఫ్రేము ఇంకో ఇద్దరు పిల్లలకు వస్తుంది. ఇచ్చే ముందు బ్రేకు దిమ్మలు అరిగాయా చూసి మార్చండి. ముందు చక్రాన్ని మీ కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి, చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే పైన ఉన్న బోల్టు బిగించాలి. సీటు మళ్ళీ అడుగుకు దించండి. తీసుకునే ఇంట్లో వాళ్ళకు ఆ టేపు కూడా ఇచ్చి, ముందు వాళ్ళ పిల్ల కాలు కొలవమనండి.